మాట లేని కాల్: హెల్ప్‌లైన్ ఆపరేటర్ ఏం చేయాలి?

ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల ఫిర్యాదులు తీసుకునే 14566 వంటి హెల్ప్‌లైన్‌కు ఫోన్ వచ్చిందనుకుందాం. ఊపిరి చప్పుడు, దూరంగా అరుపులు, తలుపు మీద దెబ్బలు తప్ప మాట లేదు. దాక్కున్న మనిషి నోరు విప్పితే దొరికిపోవచ్చు. కాబట్టి లైన్ కట్ చేయకూడదు. ఫోన్ వేరేవాళ్ల చేతిలోనూ ఉండొచ్చు కనుక సంస్థ పేరు చెప్పకుండా మెల్లగా మాట్లాడాలి.

“మాట్లాడక్కర్లేదు, వింటున్నాను. ప్రమాదంలో ఉంటే ఫోన్ మీద ఒకసారి తట్టండి.” ఆ చప్పుడు అనుకోకుండా వచ్చింది కావచ్చు. అందుకే “సాయం కావాలంటే రెండుసార్లు తట్టండి” అని మళ్లీ అడగాలి. రెండూ సరిపోతే జిల్లా, మండలం, ఊరి పేర్లు ఒక్కొక్కటే చదివి, సరైన పేరుకు తట్టమనాలి. ఈలోగా పక్క ఆపరేటర్ 112కు చెప్పాలి. తట్టకపోయినా ఆకతాయి కాల్ అనుకోకుండా వింటూ ఉండాలి.

లైన్ తెగితే వెంటనే తిరిగి ఫోన్ చేయడం, మెసేజ్ పంపడం ప్రమాదం. రింగు దాక్కున్న చోటును పట్టిస్తుంది. 112 వాళ్లకూ ఈ మాట చెప్పాలి.

రిజిస్టర్‌లో “రాత్రి 11.40, తలుపు మీద మూడు దెబ్బలు” అని విన్నదే రాయాలి. “దాడి జరిగింది” అని రాస్తే అది ఊహ. కేసు విచారణలో ప్రశ్నలకు నిలవదు.