ఆస్ట్రేలియా పీఆర్: ఐదేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉన్నా లెక్కలోకి వచ్చేది మూడేళ్లే.. పాయింట్లు ఎలా వేస్తారంటే?

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఐదేళ్లు పనిచేసిన సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఆస్ట్రేలియా పీఆర్ కోసం ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్ తెరిస్తే, అనుభవం దగ్గర ‘5 నుంచి 8 ఏళ్లు’ అన్న ఆప్షన్ మీద క్లిక్ చేయడం సహజం. దానికి 10 పాయింట్లు చూపిస్తుంది. చాలామంది లెక్క తప్పేది సరిగ్గా ఇక్కడే. ఆఫర్ లెటర్ తేదీ నుంచి లెక్కేసిన ఐదేళ్లు వేరు, ఆస్ట్రేలియా ప్రభుత్వం ఒప్పుకునే ఐదేళ్లు వేరు. ఈ రెంటికీ మధ్య ఏసీఎస్ అనే సంస్థ ఉంటుంది.

ఏసీఎస్ అంటే ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ. ఐటీ ఉద్యోగాలకు స్కిల్ అసెస్‌మెంట్ చేసేది ఇదే. ఇది ఇచ్చే లెటర్ లేకుండా స్కిల్డ్ వీసాకు అప్లై చేయడం కుదరదు. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌కు 261313, డెవలపర్ ప్రోగ్రామర్‌కు 261312 అంటూ ఒక్కో ఉద్యోగానికి ఒక్కో కోడ్ ఉంటుంది. అభ్యర్థి చదువు, చేసిన పని ఆ కోడ్‌కు సరిపోతున్నాయా అని ఏసీఎస్ చూస్తుంది.

రెండేళ్లు ఎందుకు పోతాయి?

ఏసీఎస్ వాదన ఇది: డిగ్రీ పూర్తయిన రోజే ఎవరూ నైపుణ్యం ఉన్న ఇంజినీర్ అయిపోరు, కొంతకాలం పనిచేశాకే ఆ స్థాయికి చేరతారు. ఆ కొంతకాలాన్ని అర్హత కింద వాడేసుకుంటుంది. అంటే ఆ సమయానికి పాయింట్లు రావు. ఆ తర్వాత చేసిన పనికే పాయింట్లు.

కంప్యూటర్ సైన్స్ లాంటి ఐటీ డిగ్రీ ఉండి, అది ఎంచుకున్న కోడ్‌కు దగ్గరగా ఉంటే, గత పదేళ్లలో చేసిన సంబంధిత పనిలో మొదటి రెండేళ్లు తీసేస్తారు. డిగ్రీ ఐటీదే అయినా కోడ్‌కు దగ్గరగా లేదని తేలితే నాలుగేళ్లు పోతాయి. ఏసీఎస్ లెటర్‌లో ‘రెండేళ్లు కోశాం’ అని ఎక్కడా రాయరు. ఫలానా నెల తర్వాత చేసిన ఉద్యోగం మాత్రమే తగిన స్థాయిలో ఉన్నట్టు పరిగణిస్తాం అని ఒక్క వాక్యం ఉంటుంది. మొత్తం లెటర్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం అదే. చాలామంది కింద కంపెనీల పట్టికలో ఐదేళ్లూ కనిపించేసరికి సంతోషపడి దీన్ని దాటేస్తారు.

ఒక ఉదాహరణ చూద్దాం

బీటెక్ సీఎస్‌ఈ చేసి 2020 జులై 1న ఉద్యోగంలో చేరిన ఒక ఇంజినీర్‌ను తీసుకుందాం. మధ్యలో గ్యాప్ లేదు, పెళ్లి కాలేదు, 2025 జులై నాటికి వయసు 27. ఐదేళ్లు నిండాయి. కానీ ఏసీఎస్ లెటర్‌లో ‘2022 జూన్ తర్వాత’ అని వస్తుంది. అంటే లెక్కలో ఉన్నది మూడేళ్లే. విదేశాల్లో చేసిన పనికి మూడేళ్లు దాటితే 5 పాయింట్లు, ఐదేళ్లు దాటితే 10, ఎనిమిదేళ్లు దాటితే 15. కాబట్టి ఈ ఇంజినీర్‌కు వచ్చేవి 5.

మిగతావి కలుపుదాం. వయసు 25 నుంచి 32 మధ్య ఉంటే 30 పాయింట్లు. బ్యాచిలర్ డిగ్రీకి 15. ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగు విభాగాల్లోనూ 7 తెచ్చుకుంటే 10. పెళ్లి కాని వారికి 10. మొత్తం 70. కనీస అర్హత 65 కాబట్టి గట్టెక్కినట్టే అనిపిస్తుంది. కానీ 65 అంటే క్యూలో నిలబడే అర్హత మాత్రమే. స్పాన్సర్ ఎవరూ అక్కర్లేని 189 వీసాకు ఎక్కువ పాయింట్లు ఉన్నవారినే ముందు పిలుస్తారు. సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామర్ల గ్రూప్‌లో 2020 మొదట్లోనే కటాఫ్ 90, ఆపైకి చేరింది. 70తో పిలుపు కోసం ఎదురుచూడటం అంటే టైమ్ వేస్ట్ అనే చెప్పాలి.

ఇదే ఇంజినీర్ ఆరు నెలలు ముందు, 2025 జనవరిలో లెక్క చూసుకుని ఉంటే? చేతిలో నాలుగున్నరేళ్లు ఉన్నా లెక్కలో రెండున్నరేళ్లే. అనుభవానికి సున్నా.

బ్రాంచ్ మారితే లెక్క మారుతుంది

ఏపీ, తెలంగాణ కాలేజీల నుంచి ఐటీలోకి వచ్చినవాళ్లలో అందరూ సీఎస్‌ఈ కాదు కదా. ఈసీఈ, ఈఈఈ, మెకానికల్, సివిల్ చదివి కోడింగ్‌లో స్థిరపడినవాళ్లు ఎందరో. ఏసీఎస్ డిగ్రీ పేరు చూసి ఊరుకోదు, మార్కుల మెమోల్లో కంప్యూటర్ సబ్జెక్టులు ఎన్ని ఉన్నాయో చూస్తుంది. ఈసీఈ డిగ్రీ నాలుగేళ్ల కోతలోకి వెళ్తే, ఐదేళ్లలో మిగిలేది ఒక్క ఏడాది. దానికి పాయింట్లు లేవు.

మెకానికల్, సివిల్ వాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. డిగ్రీలో ఐటీ సరిపడా లేకపోతే ఆర్‌పీఎల్ అనే దారిలో వెళ్లాలి. చేసిన రెండు ప్రాజెక్టుల మీద సొంతంగా రిపోర్టులు రాసి ఇవ్వాలి. ఆ దారికి కనీసం ఆరేళ్ల సంబంధిత అనుభవం కావాలి. ఐదేళ్లతో అప్లై చేస్తే పాయింట్ల సంగతి తర్వాత, అసెస్‌మెంటే పాజిటివ్‌గా రాదు, కట్టిన ఫీజు పోతుంది.

హెచ్‌ఆర్ లెటర్ దగ్గర వచ్చే చిక్కు

కోత సంగతి పక్కనపెడితే, మిగిలిన మూడేళ్లను నిరూపించుకోవడం ఇంకో పని. కంపెనీ లెటర్‌హెడ్ మీద చేరిన తేదీ, ఫుల్‌టైమా కాదా, ఏ పనులు చేశారు అన్నవి రాసి, సంతకం చేసి ఇవ్వాలి. మన దగ్గర పెద్ద కంపెనీలు చాలావరకు హోదా, తేదీలతో సర్వీస్ లెటర్ ఇస్తాయి కానీ చేసిన పనుల వివరాలు రాయవు. అప్పుడు అదే టీమ్‌లో పనిచేసిన సీనియర్ చేత నోటరీ ముందు డిక్లరేషన్ ఇప్పించుకోవాలి. దానికి తోడుగా జీతం అందినట్టు పేస్లిప్‌లు, ఫామ్ 16, బ్యాంక్ స్టేట్‌మెంట్ లాంటివి పెట్టాలి. తన గురించి తానే రాసుకున్న డిక్లరేషన్ చెల్లదు.

ఇక్కడ హోదా కంటే పనులే ముఖ్యం. కార్డు మీద సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అని ఉన్నా, లెటర్‌లో టెస్టింగ్, టికెట్లు క్లోజ్ చేయడం లాంటివే ఉంటే ఆ సమయాన్ని 261313 కింద ఒప్పుకోకపోవచ్చు. సాఫ్ట్‌వేర్ టెస్టర్‌కు వేరే కోడ్ ఉంది. అలాగని ఇంటర్నెట్‌లో దొరికిన పనుల జాబితాను యథాతథంగా కాపీ కొడితే ఇంకా ప్రమాదం. ఇద్దరు ముగ్గురు అభ్యర్థుల లెటర్లలో అవే వాక్యాలు కనిపిస్తే అనుమానం రాకుండా ఉంటుందా?

అనుభవం పెంచుకోవడం కంటే ఇంగ్లీషే త్వరగా తేలుతుంది

70 దగ్గర ఉన్న ఇంజినీర్ ముందు ఉన్న దారుల్లో అన్నిటికన్నా బరువైనది ఇంగ్లీష్. ఐఈఎల్‌టీఎస్‌లో ప్రతి విభాగంలో 8 వస్తే 10 పాయింట్లకు బదులు 20. మొత్తం 80 అవుతుంది. ఓవరాల్ 8 వచ్చి రైటింగ్‌లో 7.5 వస్తే లాభం లేదు, నాలుగూ 8 దాటాలి. పీటీఈ రాసేవారు ఒకటి గమనించాలి. 2025 ఆగస్టు 7 నుంచి రాసిన పరీక్షలకు అన్ని విభాగాల్లో ఒకే స్కోర్ అన్న పాత లెక్క పోయింది, ఒక్కో విభాగానికి ఒక్కో కటాఫ్ వచ్చింది. పాత యూట్యూబ్ వీడియోల్లో చెప్పే 79 ఇప్పుడు పనికిరాదు.

తెలుగువాళ్లకు కలిసొచ్చే ఇంకో 5 పాయింట్లు సీసీఎల్ పరీక్షలో ఉన్నాయి. నాటీ అనే సంస్థ నిర్వహించే ఈ పరీక్ష తెలుగులోనూ ఉంది. ఆస్పత్రి, బ్యాంక్, స్కూల్ లాంటి చోట్ల ఇంగ్లీష్ మాట్లాడేవారికీ తెలుగు మాట్లాడేవారికీ మధ్య జరిగే రెండు సంభాషణలను విని, అటు ఇటు నోటితో అనువాదం చేయాలి. 90 మార్కులకు 63 రావాలి, ఒక్కో సంభాషణలో 45కు కనీసం 29 రావాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నాం కదా అని తేలిగ్గా తీసుకుంటే దెబ్బతింటారు. ఇన్సూరెన్స్, కోర్టు నోటీసు, పెన్షన్ లాంటి మాటలను అప్పటికప్పుడు తెలుగులో చెప్పడం అనుకున్నంత ఈజీ కాదు. ఇది కలిస్తే 85.

అక్కడి నుంచి రాష్ట్రాల నామినేషన్. 190 వీసాకు రాష్ట్రం నామినేట్ చేస్తే 5 కలిసి 90, రీజినల్ ప్రాంతాల 491 వీసాకు 15 కలిసి 100. 491 వెంటనే పీఆర్ కాదు, ఐదేళ్ల తాత్కాలిక వీసా. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ వదిలి ఉండాలి, మూడేళ్ల తర్వాత షరతులు తీరితే పీఆర్‌కు అప్లై చేసుకోవచ్చు. పెర్త్, అడిలైడ్ కూడా రీజినల్ కిందకే వస్తాయి కాబట్టి మారుమూల పల్లె అని భయపడక్కర్లేదు.

ఇంకో రెండేళ్లు ఆగి అనుభవానికి 10 తెచ్చుకుందాం అనుకునేవారు పుట్టినరోజు కూడా చూసుకోవాలి. పై ఉదాహరణలో ఇంజినీర్‌కు 2027 జులైలో లెక్క ప్రకారం ఐదేళ్లు నిండుతాయి, అప్పటికి వయసు 29, నష్టం లేదు. అదే ఐదేళ్ల అనుభవంతో 31 ఏళ్లున్న వ్యక్తి రెండేళ్లు ఆగితే 33లోకి వస్తారు. వయసు పాయింట్లు 30 నుంచి 25కు పడతాయి. వచ్చిన 5 పోయిన 5కు చెల్లు.

పెళ్లి కూడా లెక్కలోదే. జీవిత భాగస్వామికి అవసరమైన ఇంగ్లీష్ స్కోర్ ఉంటే 5, దాంతోపాటు సొంత స్కిల్ అసెస్‌మెంట్ కూడా ఉంటే 10, ఏదీ లేకపోతే సున్నా.

ఫామ్‌లో తేదీ తప్పు పడితే

ఇవన్నీ స్కిల్‌సెలెక్ట్ పోర్టల్‌లో ఈఓఐ రూపంలో నింపాలి. ఉద్యోగాలు రాసేటప్పుడు ఒకే కంపెనీలో ఐదేళ్లు చేసినా రెండు ముక్కలుగా రాయాలి. 2020 జులై నుంచి 2022 జూన్ వరకు ఒక ఎంట్రీ, దానికి ‘సంబంధిత ఉద్యోగం కాదు’ అని పెట్టాలి. 2022 జులై నుంచి రెండో ఎంట్రీకి ‘అవును’. ఒకే ఎంట్రీగా నింపి అవును అంటే సిస్టమ్ 10 పాయింట్లు వేసేస్తుంది, ఎవరూ ఆపరు. ఆ పాయింట్లతోనే పిలుపు కూడా రావచ్చు. పిలుపు వచ్చాక 60 రోజుల్లో వీసా ఫీజు కట్టాలి, ప్రధాన అభ్యర్థికి అది 5 వేల ఆస్ట్రేలియన్ డాలర్లకు దగ్గరగా ఉంది. ఆ తర్వాత అధికారి ఏసీఎస్ లెటర్‌లోని తేదీ చూసి, చెప్పుకున్న పాయింట్లు లేవని తేల్చితే వీసా రిజెక్ట్ అవుతుంది. ఫీజు తిరిగి రాదు.

ఇంకో సంగతి, ప్రస్తుత ఉద్యోగానికి ముగింపు తేదీ ఖాళీగా వదిలితే సిస్టమ్ అనుభవాన్ని తానే పెంచుకుంటూ పోతుంది. ఈఓఐ వేశాక ఉద్యోగం మానేసినా, టెస్టింగ్ లాంటి వేరే పనిలోకి మారినా వెంటనే తేదీ వేయాలి. లేదంటే చేయని నెలలకు కూడా పాయింట్లు పడతాయి. ఇంగ్లీష్ స్కోర్, ఏసీఎస్ లెటర్ రెండూ పిలుపు వచ్చే తేదీకి ముందే చేతిలో ఉండాలి.

కెనడాలో ఈ కోత లేదు, కానీ..

కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో డిగ్రీ కోసం అనుభవాన్ని ఇలా కోయరు. అక్కడి సీఆర్‌ఎస్ స్కోరులో విదేశీ అనుభవానికి విడిగా పాయింట్లు ఉండవు, మంచి ఇంగ్లీష్ స్కోర్‌తోనో కెనడా అనుభవంతోనో జత కడితేనే వస్తాయి. ఇంగ్లీష్‌తో జత కట్టినప్పుడు గరిష్ఠంగా 50. అది కూడా మూడేళ్లకే ఆగిపోతుంది, ఐదేళ్లున్నా ఎనిమిదేళ్లున్నా అంతే. వయసు పాయింట్లు మాత్రం 30 నుంచే ఏటా తగ్గుతూ వస్తాయి. అంటే మూడేళ్లు నిండి, ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్‌లో 8, మిగతా మూడింట్లో 7 ఉన్నవారికి అక్కడ ఇంకా ఆగడం వల్ల ఈ పద్దు కింద వచ్చేదేమీ లేదు.