బాపమ్మ మాటల్లో ‘అంట’ ఎక్కడుందో చూసుకోవాలి

మా బాపమ్మ జీవితకథను మూడు విడతలుగా ఫోనులో రికార్డు చేసుకున్నాము. మొత్తం నాలుగు గంటలకు పైనే ఉంది. కరీంనగర్ వైపు ఒక పల్లె నుంచి షోలాపూర్‌కు వచ్చి, గిర్ని పక్క చాళ్‌లో పెరిగి, ఇక్కడే కాపురం చేసిన పద్మశాలి ఆడబిడ్డ కథ అది. నాలుగు గంటలు కూర్చొని వినే ఓపిక పిల్లలకు ఉండదు కాబట్టి తొమ్మిది పేజీల్లోకి తెచ్చాము. ఆ పనిలో అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవలసి వచ్చింది ఒక చిన్న మాటను. అదే ‘అంట’.

ముందు రికార్డంతా ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాము. ‘వచ్చాము’ అని దిద్దకుండా ఆమె అన్నట్టే ‘ఒచ్చినం’ అని రాశాము. ప్రతి ముక్క పక్కన అది ఎన్నో నిమిషంలో ఉందో వేసుకున్నాము. బాపమ్మ తారీఖులు చెప్పదు. ‘రజాకార్ల గడబిడ’, ‘నేను కాపురానికి ఒచ్చిన ఏడు’, ‘పెద్ద కరువు’ అని చెబుతుంది. ఆ గుర్తులనే శీర్షికలు చేసుకుని, మూడు విడతల్లో చెదిరి ఉన్న ముక్కలను వాటి కింద చేర్చాము. సంవత్సరాలు మేము వేసినవి. అవి మా వాక్యాల్లోనే ఉంటాయి, ఆమె మాటల్లోకి చొప్పించలేదు.

ఇప్పుడు ఒక ముక్క చూడండి. మొదటి విడతలో ఆమె అన్నది ఇది:

“మా బాపు ముందుగాల్నే ఒచ్చిండు ఈడికి. గిర్నిల ఉండె. మార్షల్ లా అయిందంట గద, మేం పుట్టకముందు. నలుగుర్ని ఉరి తీసిండ్రంట. అది బాపు చెప్తే ఇన్నదే. ఈణ్నుంచి ఆరు రూపాయలు పంపితే ఆడ ఏడు అయితయని మా అవ్వ లెక్క జెప్పేది. మేం రజాకార్లప్పుడు ఒచ్చినం. వాడిల బండి మారినం. చెల్లె తొవ్వలనే పోయింది. గా యెనక మిలట్రీ బండ్లు తెల్లార్లు పోయినయి, మేం వాకిట్ల నిలవడి చూసినం.”

దీన్ని మామూలుగా కుదించితే ఎలా ఉంటుంది? ‘షోలాపూర్‌లో మార్షల్ లా వచ్చింది, నలుగురిని ఉరి తీశారు. తరువాత రజాకార్ల కాలంలో కుటుంబం తరలివచ్చింది, సైన్యం వెళ్లింది’ అని ఉంటుంది. ఒక్క సంగతీ తప్పు కాదు. కానీ బాపమ్మ తన కళ్లతో చూసినదీ, బాపు చెబితే విన్నదీ ఒకే గాటన కట్టేసినట్టయింది. ఆమె మాత్రం కలపలేదు. 1930 మార్షల్ లా గురించి చెప్పినప్పుడు ప్రతి క్రియ చివరా ‘అంట’ పెట్టింది. మిలట్రీ బండ్ల దగ్గర ‘చూసినం’ అంది.

ఈ తేడా వల్లనే మా ఇంట్లో ఒక పాత సంగతి మారింది. పోలీసు చర్య తరువాత మనవాళ్లు భయపడి ఇటు వచ్చారని మా పెద్దలు చెప్పుకునేవారు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి కదిలింది. ప్రధాన దళం షోలాపూర్ వైపు నుంచే నల్‌దుర్గ్ దారిన వెళ్లింది. సెప్టెంబరు 17కు నిజాం లొంగిపోయాడు. బాపమ్మ ఆ బండ్లను షోలాపూర్ చాళ్ వాకిట్లో నిలబడి చూసిందంటే, అప్పటికే ఆమె ఇక్కడ ఉంది. అంటే కుటుంబం వచ్చింది పోలీసు చర్యకు ముందే, రజాకార్ల అలజడి నడుస్తుండగానే.

ఆ ఒక్క మాట మీదనే ఆధారపడటం ఇష్టం లేక రూపాయల లెక్క కూడా చూశాము. నిజాం రాజ్యంలో చెల్లింది హాలీ సిక్కా. బ్రిటిష్ ఇండియా రూపాయలు ఆరిస్తే హాలీ రూపాయలు దాదాపు ఏడు వచ్చేవి. ‘ఆరు పంపితే ఏడు’ అన్న ఆమె తల్లి లెక్క సరిగ్గా అదే. కాబట్టి తండ్రి ఇక్కడ గిర్నిలో సంపాదిస్తూ, భార్యాపిల్లలు నిజాం పల్లెలో ఉన్న కాలం ఒకటి నిజంగానే నడిచింది. అయితే ఈ లెక్క ఏ ఏడు వచ్చారో చెప్పదు, ఎందుకంటే హాలీ సిక్కా 1948 తరువాత కూడా కొన్నేళ్లు చెల్లింది. తండ్రి ముందు వచ్చాడన్న మాటకు మాత్రమే అది సాక్ష్యం. ఏడు విషయంలో మేము ‘1948 సెప్టెంబరుకు ముందు’ అని ఆపేశాము.

చివరికి ఆ ముక్క మా కథనంలో ఇలా నిలిచింది:

మా ముత్తాత ముందుగా ఒంటరిగా షోలాపూర్ వచ్చి గిర్నిలో, అంటే బట్టల మిల్లులో, పనికి కుదిరాడు. 1930 మార్షల్ లా సంగతి బాపమ్మకు ఆయన చెబితే తెలిసిందే: “నలుగుర్ని ఉరి తీసిండ్రంట.” భార్యాపిల్లలు 1948 సెప్టెంబరుకు ముందు వచ్చారు. “వాడిల బండి మారినం. చెల్లె తొవ్వలనే పోయింది.” సైన్యం హైదరాబాదు మీదికి వెళ్లడం బాపమ్మ స్వయంగా చూసింది: “మిలట్రీ బండ్లు తెల్లార్లు పోయినయి, మేం వాకిట్ల నిలవడి చూసినం.”

మా వాక్యాలు రాత భాషలో ఉంటాయి, ఆమెవి ఆమె యాసలో, కొటేషన్ గుర్తుల మధ్య ఉంటాయి. మధ్యలో ఏదైనా వదిలేస్తే మూడు చుక్కలు పెడతాము. రెండు వేర్వేరు చోట్ల అన్న మాటలను ఒకే కొటేషన్‌లో కలపము. గిర్ని, చాళ్ లాంటి మాటలను అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు మా వాక్యంలోనే అర్థం చెబుతాము.

ఇక చెల్లె మాట. బాపమ్మకు ఒక చెల్లెలు ఉండేదని రికార్డు వినేదాకా మాలో ఎవరికీ తెలియదు. ఆమె ఆ సంగతి మూడు విడతల్లో మూడుసార్లు చెప్పింది: ప్రయాణం దగ్గర ఒకసారి, కండెలు చుట్టడం నేర్చుకున్న రోజుల దగ్గర ఒకసారి, తన మొదటి కాన్పు దగ్గర ఒకసారి. మూడుసార్లూ అవే మూడు మాటలు. “చెల్లె తొవ్వలనే పోయింది.” ఒక్క అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు. కుదించేటప్పుడు మళ్లీ మళ్లీ వచ్చినదాన్ని ఒకచోటికి తేవడం మామూలే, మిగతా చోట్ల మేమూ అదే చేశాము. దీన్ని మాత్రం మూడు చోట్లా ఉంచాము. కండెలు చుట్టేటప్పుడు పక్కన ఉండాల్సిన మనిషి లేదనీ, కాన్పుకు రావాల్సిన పిన్ని లేదనీ బాపమ్మ వేరే మాటల్లో చెప్పలేదు. ఆ మూడు మాటలు అక్కడ మళ్లీ రావడమే చెప్పడం. ఒక్కచోటికి చేర్చితే అది దారిలో జరిగిన ఒక చావుగా మిగిలిపోయేది.

ఎలా పోయిందని అడిగినప్పుడు “గది ఆపు” అంది. ఫోను ఆపాము. ఆ తరువాత చెప్పినది ఈ కథనంలో లేదు, ఎక్కడా రాసి పెట్టలేదు.

తొమ్మిది పేజీలూ బాపమ్మకు చదివి వినిపించాము. ఒకచోట చేయెత్తి ఆపి, చెల్లె పేరు రాయమంది. ఇంట్లో ఉంచుకునే ప్రతిలో ఆ పేరు రాశాము. ఇక్కడ చెల్లె అనే ఉంచాము. రికార్డులో ఎక్కడా లేని ఆ పేరు పక్కన, అది చదివి వినిపించిన రోజు చెప్పినదని తారీఖు వేశాము.