సుబ్బిశెట్టి నవ్వు - నిషేధాల చరిత్ర

ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల తిరునాళ్లలో ‘చింతామణి’ చూస్తూ పెరిగినవాణ్ణి నేను. అర్ధరాత్రి దాటాక కునుకుతీసే జనాన్ని లేపి కూర్చోబెట్టేది సుబ్బిశెట్టి. వేశ్యాలోలత్వం సంసారాలను కూలుస్తుందని చెప్పడానికే కాళ్ళకూరి నారాయణరావు ఈ నాటకం రాశాడు. రంగస్థలం మీద మాత్రం శెట్టి పాత్ర ఏటికేడు పెరిగింది. రచయిత రాయని మోటు హాస్యం నటులు చేర్చారు. ఆర్యవైశ్యులను కించపరుస్తోందన్న అభ్యంతరంపై 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది.

ఇంతకు నూరేళ్ల కిందటి సంగతి చూడండి. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి అచ్చు వేయించింది. అశ్లీలమని 1911లో ఆంగ్ల ప్రభుత్వం దానిపై చర్య తీసుకుంది. 1947లోగాని నిషేధం తొలగలేదు. సిగ్గు స్త్రీలకేనా, పురుషులకు అక్కరలేదా అని నాగరత్నమ్మ ముందే అడిగింది. శృంగారం కంటే, దాన్ని స్త్రీ రాయడమే ఆనాటి పెద్దలను కలవరపెట్టింది.

1985లో అమెరికా సెనేట్ రాక్ పాటలపై విచారణ జరిపింది. తర్వాత రికార్డుల అట్టలపై తల్లిదండ్రులకు హెచ్చరిక చీటీలు వెలిశాయి. అక్కడ సాకు పసిపిల్లలు. 1911లో స్త్రీ శీలం. 2022లో కులగౌరవం. ఎవరిని కాపాడుతున్నామంటున్నారో చూస్తే, ఆ కాలం దేనికి భయపడిందో తెలుస్తుంది.

శెట్టి వేషంలోని కులహేళనను నేను సమర్థించను. అది విమర్శించవలసిందే. కాని నిషేధం రచయిత రాతకూ నటుడి చేర్పుకూ తేడా చూడలేదు. తప్పు ఒక వేషానిదైతే శిక్ష నాటకం మొత్తానికి పడింది.