ప్రతినాయకుని పేరు: మోరియార్టీ నుంచి గోల్డ్‌ఫింగర్ దాకా

అపరాధ పరిశోధక నవలను సాహిత్యంగా పరిగణించని విమర్శకులు మనలో చాలామందే ఉన్నారు. ఆ వివాదాన్ని ఇక్కడ కదిలించను. నవల ఎటువంటిదైనా అందులోని దుష్టునికి రచయిత ఒక పేరు పెట్టక తప్పదు గదా. ఆ పేరు వినగానే పాఠకుని మనసులో సన్నగా జంకు పుట్టాలి. "ఓహో, వీడే దొంగ" అని మాత్రం తేలిపోకూడదు. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడానికి ఇంగ్లీషు రచయితలు దాదాపు నూరేళ్ళు తంటాలు పడ్డారు. ఆ చరిత్రలో వారు సాధించిన దానితో బాటు వారు చేసిన అపచారం కూడా ఉన్నది.

పేరులోనే గుణం చెప్పేయడం పాత పద్ధతి. డికెన్సు "డేవిడ్ కాపర్‌ఫీల్డు"లోని సవతి తండ్రి పేరు మర్డ్‌స్టన్. హత్యను సూచించే మాటకు రాతిని సూచించే మాట అతికిస్తే వచ్చిన పేరది. మనకూ ఇది కొత్త గాదు. గురజాడవారి "కన్యాశుల్కం" 1892లో తొలిసారి రంగమెక్కింది. అందులో లుబ్ధావధాన్లు పిసినారి అని వేరే చెప్పాలా? అగ్నిహోత్రావధాన్ల కోపం సంగతీ అంతే. కాని అదే నాటకంలో అందరికన్నా ప్రమాదకరమైన మనిషికి గురజాడ పెట్టిన పేరు గిరీశం. శుభ్రమైన శివనామం. ఏ వీథిలో పిలిచినా ఒకడు పలికే పేరు. బిళ్ళ కట్టిన పేర్ల మధ్య బిళ్ళ లేని పేరు పెట్టినందువల్లనే గిరీశం మన చేతికి చిక్కడు. నాటకం ముగిసిన తర్వాత ఆ పేరుకు మనమే అర్థం కట్టుకున్నాం.

గిరీశం రంగమెక్కిన మరుసటి సంవత్సరమే, 1893 డిసెంబరు "స్ట్రాండ్" పత్రికలో, కోనన్ డాయిల్ ప్రొఫెసర్ మోరియార్టీని ప్రవేశపెట్టాడు. సందర్భాన్ని గుర్తుంచుకోవాలి. డాయిల్‌కు హోమ్సు మీద విసుగు పుట్టింది. వాణ్ణి చంపదలచాడు. హోమ్సును చంపగల మనిషి హోమ్సుకు దీటైనవాడు కావాలి. కాని అప్పటివరకూ ఏ కథలోనూ అటువంటివాడు కనిపించలేదు. ఒక్క చిన్న కథలో, కొద్ది పుటల్లో, పాఠకుణ్ణి నమ్మించాలి. అంత బరువును మోయవలసినది పేరే.

ఆ పేరు ఎలా పనిచేస్తుందో చూడండి. మోరియార్టీ అనేది అచ్చమైన ఐరిష్ ఇంటిపేరు. దాని మూలానికి సముద్రయానంలో నేర్పరి అని అర్థం చెబుతారు. దుష్టత్వం వాసనైనా లేదు. డాయిల్ చదువుకొన్న స్టోనీహర్స్టు పాఠశాలలో ఆ పేరుగల పిల్లలే ఉండేవారు. అంటే అది ఊళ్ళో దొరికే పేరు. కాని చదువుకొన్న ఇంగ్లీషు పాఠకుని చెవికి అందులో మరొకటి కూడా వినిపిస్తుంది: "మోరి" అంటే లాటినులో మరణించడం. ఈ మాట రచయిత చెప్పడు, పాత్రలు చెప్పవు. పాఠకునికి తనకు తెలియకుండానే తగులుతుంది. మర్డ్‌స్టన్‌కూ మోరియార్టీకీ భేదం ఇదే. మొదటిది అర్థాన్ని అరచి చెబుతుంది. రెండవది నిజమైన పేరుగా నిలబడి, అర్థాన్ని తన నీడలో దాచుకొంటుంది.

దానికి ముందు చేర్చిన "ప్రొఫెసర్" అన్న బిరుదు తక్కువ పని చేయలేదు. ఇరవైయొకటవ ఏట బైనామియల్ సిద్ధాంతం మీద గ్రంథం రాసిన గణితశాస్త్రజ్ఞుడని హోమ్సు చెబుతాడు. గౌరవం కలిగించే బిరుదూ, మృదువుగా దొర్లే నాలుగక్షరాల పేరూ కలిసి నడుస్తుంటే, భయం ఆ రెండింటి మధ్య సందులోంచి వస్తుంది. డాయిల్ మాత్రం అంత జాగ్రత్తగా లెక్కవేసి పెట్టాడనుకోవద్దు. ఆ తొలి కథలో ప్రొఫెసరుకు సొంత పేరే లేదు. జేమ్సు అన్నది అతని అన్నదమ్ముడైన కర్నలు పేరు. 1903లో వచ్చిన మరొక కథలో ప్రొఫెసరునూ జేమ్సు అనేశాడు. ఒక్క తల్లి బిడ్డలిద్దరికీ ఒకే పేరు! ఇంటిపేరు ఎంత బలంగా అతుక్కొన్నదంటే సొంత పేరు సంగతి రచయితకే గుర్తులేదు.

ఇక్కడొక చిక్కున్నది. ఇటువంటి నీడ భాష దాటి రాదు. మోరియార్టీని తెలుగులో రాస్తే "మోరి"లోని మరణం పోతుంది. హైదరాబాదు పాఠకునికి మురికి కాలువ తోచినా తోచవచ్చు. కాబట్టి అనుకరించవలసింది పేరును గాదు, దాని కట్టడాన్ని.

మోరియార్టీ తర్వాత వచ్చిన తరం కష్టపడలేదు. దగ్గరి దారి పట్టింది. 1912 ఫిబ్రవరిలో చైనాలో మంచూ రాజవంశం సింహాసనం వదలుకొన్నది. ఆ ఏటి అక్టోబరు నుంచే సాక్స్ రోమర్ అనే కలం పేరుగల ఇంగ్లీషు రచయిత డాక్టర్ ఫూ మంచూ కథలను అచ్చువేయించ నారంభించాడు; 1913లో అవి పుస్తకంగా వచ్చాయి. ఆ పేరును కాస్త విప్పి చూడండి. మంచూ అన్నది మనిషి పేరు గాదు, ఒక జాతి పేరు, ఒక రాజవంశం పేరు. మన దేశం మీద నవల రాసే విదేశీయుడెవరో దుష్టునికి "డాక్టర్ రామ్ మొగలాయి" అని పెట్టినట్లున్నది. చైనాలో ఏ తల్లీ బిడ్డకు పెట్టని ఈ పేరు లండను పాఠకునికి నిక్షేపంగా పనిచేసింది. ఎందుకంటే అది వ్యక్తిని సూచించడం లేదు. ఒక జనాన్నంతటినీ సూచిస్తున్నది. మోరియార్టీ చెడ్డవాడైతే ఐర్లండుకు మచ్చ రాలేదు. ఫూ మంచూ చెడ్డవాడైతే లైమ్‌హౌసు వీథిలో బట్టలుతుకుతూ బతికే చీనావాడు కూడా అనుమానితుడవుతాడు.

అరిగిపోయిన పేరు రచనకు చేటు అని మాత్రమే మనం సాధారణంగా అంటాం. అది బతికున్న మనుషులకూ చేటే. 1929 నాటికి ఈ తరహా ఎంత పాతబడిందంటే, రొనాల్డ్ నాక్సు అపరాధ పరిశోధక కథకు పది నియమాలు రాస్తూ, కథలో చీనావాడెవడూ ఉండరాదని ఒక నియమమే పెట్టాడు. అది చీనావారి మీద ద్వేషం గాదు; అటువంటి పేరు కనబడితే చాలు, కథ నాసిరకమని పాఠకుడు గ్రహిస్తాడన్న పరిహాసం. మన చలనచిత్రాలలో భుజంగరావులకు ఏ గతి పట్టిందో మనమెరుగుదుం. పాము పేరు పెట్టుకొన్నందుకు వాడెంత పెద్దమనిషైనా కావచ్చు, తెర మీద మాత్రం తాకట్టు కాగితం చేతబట్టుకొనే వస్తాడు. స్మగ్లరుకు ఒక మతం పేరూ, పాలేరుకు ఒక కులం పేరూ పెట్టిన చిత్రాల సంగతి ఇంకా లోతైనది. ఫూ మంచూను తప్పుబట్టే ముందు మనం దానికి జవాబు చెప్పుకోవాలి.

తర్వాతి ఘట్టం ఇయాన్ ఫ్లెమింగుది. తన గూఢచారికి మాత్రం పక్షుల మీద గ్రంథం రాసిన ఒక శాస్త్రజ్ఞుని సాదా పేరు తీసుకొన్నాడు: జేమ్సు బాండు. దుష్టుల పేర్లకు కూడా వింతగా వినిపించే నిజమైన ఇంటిపేర్లనే వెదికాడు. 1961 నాటి "థండర్‌బాల్"లోని బ్లోఫెల్డ్, ఈటన్ పాఠశాలలో అతనితోబాటు చదివినవాని ఇంటిపేరు. క్రికెట్ వ్యాఖ్యానం వినేవారికి హెన్రీ బ్లోఫెల్డ్ గొంతు గుర్తుంటుంది. ఆ హెన్రీ తండ్రిదే ఆ పేరు. ఈ పద్ధతి మోరియార్టీ మార్గానికి తిరిగి రావడమే. కాని 1959లో "గోల్డ్‌ఫింగర్" అచ్చుకు సిద్ధమైనప్పుడు చిక్కు వచ్చిపడింది. ఎర్నో గోల్డ్‌ఫింగర్ అనే వాస్తుశిల్పి లండనులో జీవించి ఉన్నాడు. హంగరీలో పుట్టిన యూదుడు, వామపక్షీయుడు. తన పేరును బంగారం పిచ్చిగల దుండగునికి అంటగట్టారని అతడు దావాకు సిద్ధమయ్యాడు. చివరకు ప్రచురణకర్తలు ఖర్చులు భరించి, పాత్రలన్నీ కల్పితాలని పుస్తకంలో ప్రకటించి, కొన్ని ప్రతులిచ్చి రాజీ చేసుకొన్నారు. ఇక్కడ ఫ్లెమింగు చేసిన పొరపాటు రెండు విధాలు. నిజమైన పేరు తీసుకొన్నాడు, కాని అది ఊరంతటికీ ఒక్కరిని మాత్రమే గుర్తుకుతెచ్చే పేరు. పైగా దాని అర్థం నీడలో దాగేది గాదు, బంగారు వేలు! సొంత పేరుగా "ఆరిక్" అని చేర్చి అదే అర్థాన్ని లాటినులో మరొకసారి చెప్పాడు. ఒకే మేకును రెండుసార్లు కొట్టినట్లయింది.

కిందటేడు మా తరగతిలోని ఒక విద్యార్థి కోస్తాలోని ఒక పట్టణం నేపథ్యంగా నేరకథ రాసి తెచ్చాడు. మందుల టోకు వర్తకుడు కల్తీ మందులమ్ముతూ, గుట్టు తెలిసిన గుమాస్తాను చంపిస్తాడు. వర్తకుని పేరు కాళింగరాయుడు. "ఈ పేరు చూశాక హంతకుడెవరని వెదకడానికేముంది నాయనా?" అన్నాను. వారం తర్వాత సుబ్బారావని మార్చుకొచ్చాడు. ఇది మరో అతి. నలుగురు గుమాస్తాల మధ్య ఆయన కలిసిపోయాడు, నాలుగు పుటల తర్వాత ఎవరో నాకే గుర్తులేదు. మూడవసారి అమృతరావన్నాడు. మందులకూ అమృతానికీ ముడిపెట్టి తిరగేసిన వ్యంగ్యం కూడా బిళ్ళే గదా, కాకపోతే వెనుకవైపు కట్టిన బిళ్ళ.

అప్పుడిద్దరం కూర్చుని ఆలోచిస్తే దక్షిణామూర్తి అన్న పేరు తట్టింది. ప్రతి ఊళ్ళోనూ ఉండే పేరు, గౌరవమైన పేరు. మౌనంగా బోధించే గురుస్వరూపుడైన శివుడు. నోరు విప్పకుండానే పని జరిపించే మనిషికి ఆ మౌనం అమరింది. దక్షిణం యముని దిక్కని మనవాళ్ళు చిన్నప్పటి నుంచీ వింటారు. లంచానికి దక్షిణ అన్న మాట ఆఫీసుల్లో వినబడుతూనే ఉంటుంది. ఈ రెండూ కథలో ఎవరూ ఎత్తకూడదని షరతు పెట్టాను. ఎవరైనా ఎత్తారో, పేరు మర్డ్‌స్టన్ అయిపోతుంది. దకారంతో మొదలయ్యే దామోదరం అన్న గుమాస్తా పేరును మార్పించాను. ఒకే అక్షరంతో మొదలైన పేర్లను పాఠకుని కన్ను తికమకపడి చదువుతుంది. ఇంటిపేరు పెట్టవద్దన్నాను. మన ఇంటిపేరు ఊరునూ కులాన్నీ వెంటబెట్టుకొస్తుంది, అప్పుడు నేరం దక్షిణామూర్తిది గాక వాళ్ళందరిదీ అవుతుంది. ఆ పట్టణంలో అదే పేరుతో మందుల వ్యాపారం చేసేవారెవరైనా ఉన్నారేమో కనుక్కోమని కూడా చెప్పాను. గోల్డ్‌ఫింగర్ గొడవ మనకెందుకు?

కుర్రవాడు నేను చెప్పని పని ఒకటి చేశాడు. మొదటి మూడు ప్రకరణాల్లో మనిషిని చూపనే లేదు. గుమాస్తా భార్య కొట్టుకు ఫోను చేసినప్పుడల్లా అవతలి గొంతు ఒకటే మాట చెబుతుంది: "దక్షిణామూర్తిగారు పూజలో ఉన్నారండీ."