విలోమం దొరకని మాత్రికతో సి.ఆర్.రావు ఏం చేశారు

మన గ్రూపులో డిగ్రీ లెక్కలవాళ్లు చాలామందే ఉన్నారు. విలోమ మాత్రిక కనుక్కోవడం పరీక్షలో చేసేస్తాం, అది దొరకనప్పుడు "విలోమం లేదు" అని రాసి వదిలేస్తాం. ఆ వదిలేసిన చోటే మన తెలుగాయన ఒకరు ఆగి ఆలోచించారు. ఆ కథకి ముందు చిన్న లెక్క చేద్దాం.

లక్డీకాపూల్‌లో ఒక ఇరానీ హోటల్ అనుకోండి. రెండు చాయ్‌లు, ఒక సమోసాకి 55 రూపాయలు. ఇంకో బల్ల దగ్గర ఐదు చాయ్‌లు, మూడు సమోసాలకి 145. విడివిడి ధరలు కావాలి. మాత్రిక రాసి, పక్కనే యూనిట్ మాత్రికని అతికిస్తాం. ఎడమవైపు ఏం చేస్తే కుడివైపూ అదే చేస్తూ పోతాం.

```
2  1 |  1  0
5  3 |  0  1

R2 = 2·R2 − 5·R1
2  1 |  1  0
0  1 | −5  2

R1 = (R1 − R2) / 2
1  0 |  3 −1
0  1 | −5  2
```

ఎడమవైపు యూనిట్ మాత్రిక వచ్చేసింది, కాబట్టి కుడివైపు ఉన్నదే విలోమం. చాయ్ ధర 3×55 − 145, అంటే 20. సమోసా −5×55 + 2×145, అంటే 15. ఈ పద్ధతిలో గాస్ పక్కన వినిపించే జోర్డాన్ పేరు జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ జోర్డాన్‌ది. ఆయన భూమి సర్వే మనిషి, 1888 నాటి ఆయన సర్వే పుస్తకం నుంచే ఈ పేరు పడింది. (ఫ్రాన్సు గణితవేత్త కమీ జోర్డాన్ వేరు. చాలామంది ఇద్దర్నీ కలిపేస్తారు.)

ఇప్పుడు రెండో బల్లవాళ్లు నాలుగు చాయ్‌లు, రెండు సమోసాలు తిన్నారనుకోండి.

```
2  1 |  1  0
4  2 |  0  1

R2 = R2 − 2·R1
2  1 |  1  0
0  0 | −2  1
```

ఎడమవైపు ఒక అడ్డువరుస మొత్తం సున్నా అయింది. ఇక ఏం చేసినా అక్కడ 1 తేలేం, విలోమం లేదు. కానీ పెన్ను కింద పెట్టే ముందు కుడివైపు చూడండి. −2, 1 అని ఉంది. రెండో బిల్లులోంచి మొదటి బిల్లుని రెండుసార్లు తీసేస్తే ఏమీ మిగల్లేదని అర్థం. రెండో బిల్లు కొత్త సంగతేమీ చెప్పలేదు, మొదటిదాన్నే రెట్టింపు చేసింది. నిర్ధారకం వేస్తే సున్నా అని మాత్రమే తెలుస్తుంది. ఏ వరుస దేన్ని నమ్ముకుని ఉందో ఈ పద్ధతే చూపిస్తుంది.

కల్యంపూడి రాధాకృష్ణ రావు 1920లో హడగళిలో పుట్టారు, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివారు, 1941లో కలకత్తా వెళ్లి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1950ల నడుమ ఆయన చేతికి హిరోషిమా, నాగసాకి బాంబు బాధితుల మీద రేడియేషన్ ప్రభావం చూసే సమాచారం వచ్చింది. లెక్క కట్టాలంటే ఒక మాత్రికకి విలోమం కావాలి. ఆ మాత్రికకేమో విలోమం లేదు.

మనుషుల్ని గుంపులుగా విడదీసినప్పుడు ఇలా ఎందుకవుతుందో మన దగ్గరి ఉదాహరణతో చూద్దాం. ఏజెన్సీ పిల్లలు ఇద్దరు, మైదానం పిల్లలు ఇద్దరు, వాళ్ల బరువులు. "అందరికీ ఉమ్మడి బరువు", "ఏజెన్సీకి కలిపేది", "మైదానానికి కలిపేది" అని మూడు తెలియని సంఖ్యలు పెట్టుకుంటే వచ్చే మాత్రిక ఇది:

```
4  2  2
2  2  0
2  0  2
```

మొదటి వరుసలోంచి మిగతా రెండూ తీసేయండి, సున్నా. పిల్లల్ని ఎంతమందిని పెంచినా ఇంతే, ఎందుకంటే ప్రతి పిల్లా ఏదో ఒక గుంపులో ఉంటుంది కాబట్టి రెండు గుంపులు కలిస్తే "అందరూ" అయిపోతారు. ఏజెన్సీ సగటు 40 కిలోలు, మైదానం సగటు 46 అనుకుందాం. ఉమ్మడి 43, ఏజెన్సీకి −3, మైదానానికి +3 అన్నా సరిపోతుంది. ఉమ్మడి 46, ఏజెన్సీకి −6, మైదానానికి 0 అన్నా సరిపోతుంది. రెండిట్లోనూ గుంపుల సగటులు మారవు, వాటి మధ్య తేడా 6 కిలోలూ మారదు.

రావు పట్టుకున్న కిటుకు ఇదే. 1955 వ్యాసంలో అసలు విలోమం బదులు ఆ పని చేసిపెట్టే మరో మాత్రికని వాడారు, 1962లో దాన్ని ఇంకా విస్తరించారు. సాధారణీకృత విలోమం అంటున్నది దాన్నే. ఒక మాత్రికకి అలాంటివి చాలా ఉండొచ్చు. ఏది ఎంచుకున్నా, సమాచారం నిజంగా చెప్పగలిగిన 6 కిలోల తేడా మాత్రం మారదు. ఏజెన్సీకి −3 అనే సంఖ్య మారిపోతుంది. అందుకే మన గూడేల మీద ఏ సర్వే వచ్చినా, "ఏజెన్సీ ప్రభావం ఇంత" అని ఒంటరి సంఖ్య కనిపిస్తే, దేనితో పోల్చి అని అడగాలి. −3 అయినా −6 అయినా అదే పిల్లల బరువులే మరి.

కంప్యూటర్‌తో చేసేవాళ్లకి ఒక మాట. దశాంశాల్లో సున్నా రావాల్సిన చోట 0.0000001 లాంటిది మిగులుతుంది. మెషీన్ దాంతో భాగించి విలోమం దొరికిందని చూపిస్తుంది. జవాబులో సంఖ్యలు లక్షల్లో, కోట్లల్లో ఉంటే అనుమానించండి. అసలు మాత్రికతో గుణించి చూడండి, యూనిట్ మాత్రిక సరిగ్గా తిరిగి రాకపోతే ఆ విలోమాన్ని నమ్మొద్దు. వచ్చినా సరే, కొలతల్లో పిసరంత తేడాకే జవాబు తలకిందులైతే అదీ పనికిరాదు.

రావు 2023 ఆగస్టులో, నూట రెండేళ్ల వయసులో పోయారు. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోనే ఆయన పేరిట గణిత సంస్థ ఉంది.