ఇన్సూరెన్స్ క్లెయిమ్ తిరస్కరిస్తే అప్పీల్ చేయడమెలా?

డాలస్‌లో మా వంటింటి సింక్ కింద పైపు పగిలి చెక్క ఫ్లోర్ ఉబ్బిపోయింది. నీరు చాలాకాలంగా కారుతోందంటూ కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. లేఖలో చూపిన క్లాజును పాలసీలో వెతికి చదివాను. నెలల తరబడి కారితే కవరేజీ లేదు, హఠాత్తుగా పగిలితే ఉంది. అంటే తేల్చాల్సింది ఎప్పటి నుంచి కారిందన్నదే.

ఆరు నెలల నీటి బిల్లులు తీశాను. వాడకం ఆ ఒక్క నెలే పెరిగింది. పగిలిన పైపు ముక్కను దాచాం, ప్లంబర్ కారణం రాసిచ్చాడు. పైపు మరమ్మతుకు మా పాలసీ డబ్బివ్వదు కనుక ఎస్టిమేట్‌లో ఫ్లోర్ ఖర్చు వేరుగా రాయించాం. ఇవన్నీ జతచేసి, క్లాజు పేర్కొంటూ మళ్లీ పరిశీలించమని ఉత్తరం రాశాం. డిడక్టబుల్ పోను ఫ్లోర్ డబ్బు వచ్చింది.

అప్పటికీ కాదంటే టెక్సస్ ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు.