‘హ్యాజ్ వెంట్’ ఎందుకొస్తోంది? అర్జీ ఇంగ్లీష్‌లో క్రియల తికమక

ఆదోని, ఎమ్మిగనూరు వైపు చాలా ముస్లిం ఇళ్లలో మాట్లాడేది దక్కనీ ఉర్దూ, బజారులో తెలుగు. ఇంగ్లీష్ పని ఎక్కువగా కాగితం మీదే పడుతుంది. సెలవు చీటీ, బ్యాంకు మేనేజరుకు లెటర్, ఇన్సూరెన్స్ క్లెయిమ్ లాంటివి. ఇలాంటి కాగితాల్లో తప్పులు ఎక్కువగా దొర్లేది క్రియ దగ్గరే.

ఒక క్లెయిమ్ లెటర్‌ను ఊహించుకుందాం. కొడుకు తండ్రి తరఫున ఇలా రాశాడు: ‘మై ఫాదర్ హ్యాజ్ వెంట్ టు ముంబై ఇన్ మార్చ్. హి డిడ్ నాట్ కేమ్ బ్యాక్ టిల్ ఏప్రిల్. హి లైడ్ ఇన్ హాస్పిటల్ ఫర్ టెన్ డేస్.’ మూడు వాక్యాల్లో మూడు తప్పులున్నాయి. మొదటి రెండూ చదివేవారికి అర్థమైపోతాయి. మూడోది అలా కాదు. ‘ఆయన ఆస్పత్రిలో పది రోజులు అబద్ధాలాడాడు’ అని దాని అర్థం. క్లెయిమ్ కాగితంలో రాకూడని మాట ఇదే కదా!

మొదటి తప్పుకు కారణం ఇంటి భాషలోనే ఉంది. ఉర్దూలో ‘వో గయా’ అంటాం, ‘వో గయా హై’ అనీ అంటాం. రెండు చోట్లా ‘గయా’ ఒక్కటే. తెలుగులోనూ ‘వెళ్ళాడు’ అన్న ఒక్క మాటతో రెండు పనులూ అయిపోతాయి. ఇంగ్లీష్‌లో మాత్రం ఒంటరిగా ఉంటే ‘వెంట్’, హ్యాజ్, హ్యావ్, హ్యాడ్ పక్కనైతే ‘గాన్’. ట్యూషన్లలో వీ టూ, వీ త్రీ అని బట్టీ పట్టించేవి ఇవే. ‘గయా హై’ని ముక్కకు ముక్క మార్చితే ‘హ్యాజ్ వెంట్’ తయారవుతుంది. స్పెల్లింగ్ ప్రకారం ‘వెంట్’ సరైన మాటే కాబట్టి ఫోన్‌లోని స్పెల్లింగ్ చెక్ దాని కింద ఎర్రగీత పెట్టదు.

ఇది మన దగ్గర మాత్రమే పుట్టిన తప్పు కాదు. ‘హ్యావ్ రిటన్’ బదులు ‘హ్యావ్ రోట్’ లాంటి ప్రయోగాలు ఒకప్పుడు ఇంగ్లాండ్‌లో పేరున్న రచయితల పుస్తకాల్లోనే ఉండేవి. 1762లో రాబర్ట్ లోత్ తన వ్యాకరణ పుస్తకంలో వాటిని తప్పుపట్టాడు.

అయితే పై లెటర్‌లో ‘హ్యాజ్ గాన్’ అని దిద్దినా సరిపోదు. ‘ఇన్ మార్చ్’ అని గడిచిన నెల చెప్పేశాక హ్యాజ్‌కు చోటు లేదు. ‘మై ఫాదర్ వెంట్ టు ముంబై ఇన్ మార్చ్’ అనాలి. నెల చెప్పకుండా, మనిషి ఇంకా అక్కడే ఉన్నప్పుడు ‘హ్యాజ్ గాన్ టు ముంబై’ సరైనది.

రెండో తప్పు ‘డిడ్ నాట్ కేమ్’. ఇక్కడ తెలుగు బాగా పనికొస్తుంది. ‘వచ్చాడు’ను కాదనాలంటే ‘వచ్చాడు లేదు’ అనం, ‘రాలేదు’ అంటాం. అంటే క్రియ గతకాలపు రూపం వదిలేస్తుంది. ఇంగ్లీష్‌లోనూ గతకాలాన్ని డిడ్ మోస్తుంది, క్రియ మళ్లీ ‘కమ్’ అయిపోతుంది. ఉర్దూలో అలా జరగదు. ‘ఆయా’ కాస్తా ‘నై ఆయా’ అవుతుంది, రూపం మారదు. అందుకే ఉర్దూలో ఆలోచించి రాసేవారు ‘డిడ్ నాట్’ దగ్గర ఒక్కసారి తెలుగులో అనుకుని చూస్తే తప్పు దొరికిపోతుంది.

మూడోది లై, లే గొడవ. ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. తాను పడుకోవడం లై. దాని గతకాలం లే, హ్యాజ్ పక్కన లెయిన్. ఇంకొకరిని పడుకోబెట్టడం, ఒక వస్తువును పెట్టడం లే. దాని గతకాలం లెయిడ్, హ్యాజ్ పక్కనా లెయిడే. మొదటిదాని గతకాలమూ రెండోదాని మూలరూపమూ ఒకటే కావడంతో తికమక. ఇవి చాలవన్నట్టు అబద్ధమాడడం కూడా లై, దాని గతకాలం లైడ్.

ఉర్దూ వచ్చినవారికి ఈ తేడా కొత్తది కాదు. లేట్‌నా వేరు, లిటానా వేరు. సోనా వేరు, సులానా వేరు. లేట్‌నా అనిపించిన చోట లై, లిటానా అనిపించిన చోట లే. శంకుస్థాపన రాళ్ల మీద కనిపించే ‘లెయిడ్ బై’ సరైనదే, ఎవరో ఒకరు ఆ రాయిని పెట్టారు కాబట్టి. మార్కెట్ యార్డులో పత్తి బోరాలు పడి ఉంటే మాత్రం ‘లైయింగ్’ అనాలి. ‘లేయింగ్’ అని రాస్తే అవి ఏదో పెడుతున్నట్టు! ఆ మాట గుడ్లు పెట్టే కోడికి సరిపోతుంది.

కాబట్టి లెటర్‌లో మూడో వాక్యం ‘హి లే ఇన్ హాస్పిటల్’ అవ్వాలి. అనుమానం ఉంటే ‘హి వజ్ ఇన్ హాస్పిటల్ ఫర్ టెన్ డేస్’ అని రాసినా క్లెయిమ్‌కు కావలసిన సంగతి మొత్తం వచ్చేస్తుంది.

అన్ని క్రియలకూ ఈ బెడద లేదు. పేడ్, సెంట్, బాట్ లాంటివి హ్యాజ్ ఉన్నా లేకపోయినా మారవు. రెండు రూపాలూ వేరుగా ఉన్న గో, కమ్, సీ, గివ్, టేక్, రైట్, ఈట్, బ్రేక్ లాంటివే చూసుకోవాలి. లెటర్ రాశాక హ్యాజ్, హ్యావ్, హ్యాడ్, డిడ్ ఎక్కడున్నాయో పెన్సిల్‌తో చుట్టి, వాటి తర్వాత వచ్చే క్రియను మాత్రం మళ్లీ చూస్తే సరి. మధ్యలో ‘నాట్’, ‘ఆల్రెడీ’ వస్తే వాటిని దాటి చూడాలి. ‘హ్యాజ్ ఆల్రెడీ వెంట్’ తప్పించుకుపోయేది అక్కడే.